నోటీసు 15 రోజులా, 30 రోజులా, 90 రోజులా? అపాయింట్‌మెంట్ లెటర్‌ను ఒక్క పేజీలోకి దించడం

2025 నవంబర్ 13, గురువారం రాత్రి మా అక్క బిడ్డ కాజీపేట నుంచి ఫోన్ చేసింది. "చిన్నమ్మా, నాకు నోటీసు ఎన్ని దినాలు ఉంటది?" అని అడిగింది. గొంతులోనే టెన్షన్ తెలుస్తోంది. ఆ సోమవారమే రిజైన్ చేసింది. హైదరాబాద్‌లో ఇంకో ఉద్యోగం ఖాయమైంది, డిసెంబర్ 15న చేరాలి. తన ఆఫర్ లెటర్‌లో నోటీసు 30 రోజులని ఉంది కాబట్టి ఆ ధైర్యంతోనే ఒప్పుకుంది. ఆ రోజు సాయంత్రం హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. నోటీసు 90 రోజులు, ముందే వెళ్తే మిగిలిన రోజులకు జీతం కట్టాలి అని.

"అన్ని కాయితాలు పట్టుకొని రేపు పొద్దున రా బిడ్డా" అన్నాను. తెల్లారి హనుమకొండలో మా ఇంటి టేబుల్ మీద అవన్నీ పరిచి చూస్తే, తనకు వర్తించేది 30 కాదు, 90 కాదు, 15 రోజులు. మూడు అంకెలూ ఒకే కంపెనీ ఇచ్చిన కాగితాల్లోనే ఉన్నాయి. వీటిలో ఏది తనదో తేల్చడానికి ఒక పేజీ తయారు చేసుకున్నాం. పద్దెనిమిదేళ్లు పేరోల్, హెచ్‌ఆర్ పనిలో ఉండి ఇలాంటి లెటర్లు నేనే ఎన్నో తయారు చేశాను. ఆ పేజీ ఎలా తయారవుతుందో ఇక్కడ విడమరిచి చెప్తాను. లెటర్‌లోని వివరాలు తన అనుమతితోనే రాస్తున్నాను, కంపెనీ పేరు మాత్రం రాయను.

చాలామంది చెక్‌లిస్ట్ అనగానే ప్రొబేషన్ ఆరు నెలలు, నోటీసు 90 రోజులు, టెర్మినేషన్ ఫలానా క్లాజు అని మూడు లైన్లు రాసి ఊరుకుంటారు. అది పనికిరాదు. నోటీసు ఎన్ని రోజులన్నది మీరు ఆ రోజున ప్రొబేషన్‌లో ఉన్నారా, కన్ఫర్మ్ అయ్యారా అన్నదాన్ని బట్టి మారుతుంది. ప్రొబేషన్ ఎప్పుడు ముగిసిందన్నది ఒక తేదీని బట్టి, ఒక లెటర్ వచ్చిందా లేదా అన్నదాన్ని బట్టి మారుతుంది. అందుకే ఆ పేజీని క్లాజుల వరుసలో కాకుండా తేదీల వరుసలో రాసుకోవాలి. చేరిన రోజు పైన ఉంటుంది. దాని కింద మీ హోదా మారే ప్రతి తేదీ ఒక అడ్డవరుస. ప్రతి వరుసలో రెండు గళ్లు: నేను మానేస్తే ఏమిటి, వాళ్లు తీసేస్తే ఏమిటి. పక్కన సన్నగా ఇంకో గడిలో క్లాజు నంబరు, పేజీ నంబరు.

ముందు కాగితాలన్నీ ఒకచోటికి రావాలి. ఉద్యోగ ఒప్పందం అంటే ఒక్క కాగితం అనుకుంటాం కానీ సాధారణంగా అది నాలుగు చోట్ల ఉంటుంది. ఆఫర్ లెటర్, అపాయింట్‌మెంట్ లెటర్, దాని వెనక అనుబంధాలు, ఆఫీసు పోర్టల్‌లో ఉండే హ్యాండ్‌బుక్. మా పిల్లకు ఆఫర్ లెటర్ రెండు పేజీలు, అపాయింట్‌మెంట్ లెటర్ అనుబంధాలతో కలిపి 14 పేజీలు, హ్యాండ్‌బుక్ 40 పేజీలకు పైనే. రిజైన్ చేయగానే పోర్టల్ లాగిన్ ఆపేసే కంపెనీలు ఉన్నాయి. కాబట్టి హ్యాండ్‌బుక్‌లో మీకు వర్తించే పేజీలను చూసే హక్కు ఉన్నప్పుడే చదివి, క్లాజు నంబర్లు, వెర్షన్ తేదీ రాసిపెట్టుకోండి.

ఈ నాలుగింటిలో ఒకదానికొకటి పొసగకపోతే దేని మాట చెల్లుతుంది? ఆ జవాబు దాదాపు ఎప్పుడూ అపాయింట్‌మెంట్ లెటర్ చివరి రెండు పేజీల్లో ఉంటుంది. ఎవరూ చదవని చోట. మా పిల్ల లెటర్‌లో 18వ క్లాజు రెండు మాటలు చెప్పింది. ఈ లెటర్ అంతకుముందు ఇచ్చిన లెటర్లన్నిటి స్థానంలో వస్తుంది అన్నది మొదటిది. దాంతో ఆఫర్ లెటర్‌లోని 30 రోజులు పోయాయి. హ్యాండ్‌బుక్‌కూ ఈ లెటర్‌కూ తేడా వస్తే ఈ లెటరే చెల్లుతుంది అన్నది రెండోది. హెచ్‌ఆర్ చూపిస్తున్న 90 రోజులు హ్యాండ్‌బుక్‌లో "ఉద్యోగులందరికీ" అని రాసిన లైను నుంచి వచ్చాయి. రెండో మాటతో అవీ పోయాయి. ఈ క్లాజు తిరగేసి ఉండి, హ్యాండ్‌బుక్ మాటే చెల్లుతుందని ఉంటే మా పిల్లకు 90 రోజులు తప్పేవి కావు. అందుకే పేజీలో అన్నిటికన్నా పైన, చేరిన తేదీ కంటే ముందు, నేను రాయించే లైను ఇదే: ఏ కాగితం ఏ కాగితాన్ని ఓడిస్తుంది, ఏ క్లాజు ప్రకారం.

ఇక లెటర్ లోపలికి. పీడీఎఫ్ అయితే వెతకడం సులువు. కింద ఇచ్చిన మాటలు ఒక్కొక్కటే వెతుకుతూ, దొరికిన ప్రతి చోటా పేజీ నంబరు రాసుకోవాలి. కొన్ని మాటలను కావాలనే సగానికి ఆపాను. అలా ఆపితే ఆ మాట ఏ రూపంలో ఉన్నా దొరుకుతుంది.

```
probation
confirm
notice
resign
terminat
in lieu
reliev
abandon
discretion
recover
supersed
```

స్కాన్ చేసిన కాపీ అయితే ఈ వెతుకులాట పనిచేయదు. ఒక్కటీ దొరకలేదంటే లెటర్‌లో లేదని అర్థం కాదు, అది ఫొటో అని అర్థం. అప్పుడు ప్రింటు తీసి, పెన్సిల్ పట్టుకొని మొదటి నుంచి చదవాల్సిందే. `notice` అన్న మాట "కంపెనీ గమనించిన ఎడల" లాంటి సంబంధం లేని వాక్యాల్లో కూడా వస్తుంది. వాటిని కొట్టేయండి.

దొరికిన వాక్యాన్ని పేజీలోకి మీ మాటల్లో ఎక్కించకండి. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయండి, కనీసం క్రియ ఉన్న ముక్కనైనా. "కంపెనీ రిలీవ్ చేయవచ్చు", "కంపెనీ రిలీవ్ చేయాలి" అనేవి మన నోట్సులో "రిలీవ్ చేస్తారు"గా కలిసిపోతాయి. ఇంగ్లీషు లెటర్‌లో ‘మే’ అని ఉంటే అది వాళ్ల ఇష్టం, ‘షల్’ అని ఉంటే అది వాళ్ల బాధ్యత. గొడవంతా ఆ ఒక్క మాట దగ్గరే వస్తుంది.

ప్రొబేషన్ క్లాజు చిన్నగా కనిపిస్తుంది కానీ మిగతావన్నీ దాని మీదే నిలబడి ఉంటాయి. ఇందులో వెతకాల్సింది నెలల సంఖ్య కాదు. ఆ నెలలు అయిపోయిన మర్నాడు ఏం జరుగుతుందన్నది. దీనికి లెటర్లలో మూడు రకాల వాక్యాలు కనిపిస్తాయి. మొదటి రకంలో, ఆరు నెలలు పూర్తయ్యాక వేరే లెటర్ ఏదీ రాకపోతే కన్ఫర్మ్ అయినట్టే. రెండో రకంలో, రాతపూర్వకంగా కన్ఫర్మ్ చేసేదాకా ప్రొబేషన్ కొనసాగుతుంది, దానికి గడువు ఉండదు. మూడో రకంలో, రాతపూర్వకంగా కన్ఫర్మ్ చేయకపోతే ప్రొబేషన్ కొనసాగుతుంది కానీ పొడిగింపుకు ఒక గరిష్ఠ గడువు ఉంటుంది. మా పిల్ల లెటర్‌లో 4వ క్లాజు మూడో రకం. ఆరు నెలలు, ఆపైన మూడు నెలలు మించకుండా పొడిగింపు, కన్ఫర్మేషన్ లెటర్ ఇస్తేనే కన్ఫర్మ్.

తను 2025 మార్చి 3న చేరింది. ఆరు నెలలు సెప్టెంబర్ 2తో ముగిశాయి. మూడు నెలల పొడిగింపు డిసెంబర్ 2 వరకు వెళ్తుంది. "కన్ఫర్మేషన్ లెటర్ వచ్చిందా?" అని అడిగాను. "ఏ లెటర్ రాలేదు చిన్నమ్మా, టీమ్ మీటింగ్‌లో కంగ్రాట్స్ అని చెప్పిన్రు" అంది. మెయిల్ పెట్టె మొత్తం వెతికాం, లేదు. కాబట్టి నవంబర్ 10న రిజైన్ చేసే నాటికి, కంపెనీ తన చేత్తో రాసుకున్న క్లాజు ప్రకారమే తను ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. ఉద్యోగిని సులువుగా తీసేయడానికి వీలుగా కంపెనీలు ఈ వాక్యం పెట్టుకుంటాయి. అదే వాక్యం ఉద్యోగి మానేసేటప్పుడూ పనిచేస్తుంది.

కోర్టుల దగ్గర సాధారణంగా నడిచే సూత్రం కూడా ఇదే. గడువు అయిపోయినంత మాత్రాన ప్రొబేషనర్ తనంతట తాను కన్ఫర్మ్ అయిపోడు. దీనికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. 1968లో పంజాబ్ ప్రభుత్వానికీ ధరమ్ సింగ్‌కూ మధ్య జరిగిన కేసులో, నిబంధనల్లోనే ప్రొబేషన్‌కు గరిష్ఠ గడువు ఉండి, అది దాటాక కూడా ఉద్యోగిని కొనసాగిస్తే కన్ఫర్మ్ అయినట్టు భావించాలని సుప్రీంకోర్టు చెప్పింది. అది ప్రభుత్వ సర్వీసు నిబంధనల మీద వచ్చిన తీర్పు, ప్రైవేటు కంపెనీ లెటర్‌కు అచ్చంగా అతికించలేం. అయినా గరిష్ఠ గడువు రాసి ఉన్న లెటర్‌లో ఆ తేదీని ఎర్ర ఇంకుతో రాసుకోవాలి. మా పిల్ల విషయంలో డిసెంబర్ 2 దాటి ఉంటే, తను కన్ఫర్మ్ అయిందని కంపెనీ వాదించడానికి గట్టి ఆధారం దొరికేది. అప్పుడు నోటీసు 90 రోజుల వైపు జరిగేది. ఇరవై రెండు రోజుల తేడాతో కథ మారిపోయేది.

ఇప్పుడు నోటీసు. 4వ క్లాజులోనే, ప్రొబేషన్‌లో ఉండగా ఇరుపక్షాల్లో ఎవరైనా 15 రోజుల నోటీసుతో ముగించవచ్చని ఉంది. 11వ క్లాజులో, కన్ఫర్మ్ అయ్యాక 90 రోజులని ఉంది. మధ్యలో ఆరు క్లాజులు, నాలుగు పేజీల దూరం. నోటీసు అనగానే 11వ క్లాజు తెరిచి చూసేవాళ్లకు 15 కంటికి కనిపించదు. హెచ్‌ఆర్‌లో ఆ మెయిల్ రాసిన వ్యక్తి కూడా 4వ క్లాజు తెరిచి ఉండకపోవచ్చని నా అనుమానం. ఇలాంటి మెయిళ్లు చాలాసార్లు తయారుగా ఉన్న మూస నుంచే వెళ్తాయి.

రోజుల సంఖ్య దొరికినా పని సగమే అయింది. ఆ రోజులు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో, ఎలా లెక్కపెట్టాలో ఇంకో చోట ఉంటుంది. మా లెటర్‌లో అది రెండో అనుబంధంలో ఉంది. మేనేజర్ రాజీనామాను ఆమోదించిన తేదీ మర్నాటి నుంచి నోటీసు మొదలవుతుందని, నోటీసులో సెలవు పెడితే అన్ని రోజులు ముందుకు జరుగుతుందని అందులో రాసి ఉంది. తను మెయిల్ పంపింది 10న. మేనేజర్ ఆమోదించింది 13న. పంపిన మర్నాటి నుంచి లెక్కిస్తే చివరి రోజు నవంబర్ 25. ఆమోదం మర్నాటి నుంచి, అంటే 14 నుంచి లెక్కిస్తే నవంబర్ 28. ఎవరైనా దీన్ని పనిదినాలుగా లెక్కిస్తే, వారానికి ఐదు రోజుల చొప్పున, డిసెంబర్ 4. లెటర్‌లో "రోజులు" అని మాత్రమే ఉంది, పనిదినాలు అని లేదు. కాబట్టి క్యాలెండర్ రోజులే. నేను తనతో పేజీలో 25, 28 రెండూ రాయించి, కొత్త కంపెనీకి మాత్రం 28 లెక్కనే చెప్పమన్నాను. ఆమోదం అన్న మాటను అడ్డం పెట్టుకొని రాజీనామాను నెలల తరబడి తొక్కిపెట్టే మేనేజర్లను నేను చూశాను. అలాంటి క్లాజు ఉన్నప్పుడు రాజీనామా మెయిల్‌లోనే "నా లెక్క ప్రకారం చివరి పనిదినం ఫలానా తేదీ" అని రాసి పంపాలి. తేదీ లేని రాజీనామా లెటర్ పంపకూడదు.

ఆ తర్వాత డబ్బు. నోటీసు పూర్తిగా చేయకుండా వెళ్తే మిగిలిన రోజులకు కట్టాలని దాదాపు ప్రతి లెటర్‌లోనూ ఉంటుంది. ఏ జీతం మీద కట్టాలన్నది చూడండి. తన గ్రాస్ నెలకు 30,000, బేసిక్ 15,000. 11వ క్లాజులో మూడో ముక్క ఇలా ఉంది: ఉద్యోగి తక్కువ రోజులు చేస్తే గ్రాస్ మీద వసూలు చేస్తారు, కంపెనీయే ముందుగా పంపిస్తే బేసిక్ మీద చెల్లిస్తుంది. ఒకే రోజుకు తను కట్టాల్సింది 1,000, వాళ్లు కట్టాల్సింది 500. హెచ్‌ఆర్ చెప్పిన 90 రోజుల లెక్క నిజమై ఉండి, తను 15 రోజులే చేసి వెళ్లి ఉంటే 75 రోజులకు 75,000 అయ్యేది. బేసిక్ మీదైతే 37,500. అందుకే ఈ రెండు మాటలనూ పేజీలో పక్కపక్కన రాయాలి. రెండు గళ్ల పద్ధతి పెట్టింది ఇందుకే. నోటీసు రోజులు ఇరుపక్షాలకూ సమానం అని చదివి తృప్తి పడతాం, అసలు తేడా డబ్బు దగ్గర ఉంటుంది.

డబ్బు కట్టి ముందే వెళ్లే వీలు ఎవరి చేతిలో ఉందో కూడా చూడాలి. మా లెటర్‌లో అది "కంపెనీ విచక్షణ" మీద ఆధారపడి ఉంది. అంటే మీరు డబ్బు ఇస్తానన్నా వాళ్లు వద్దనవచ్చు, రిలీవింగ్ లెటర్ ఆపవచ్చు. అయినా మిమ్మల్ని బలవంతంగా కుర్చీలో కూర్చోబెట్టి పని చేయించమని ఏ కోర్టూ ఆదేశించదు. వ్యక్తిగత సేవల ఒప్పందాలను అలా అమలు చేయించడానికి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఒప్పుకోదు. వాళ్లు అడగగలిగేది డబ్బే. ఆ వసూలు మీద జీఎస్టీ కూడా కలిపి అడిగితే ఒప్పుకోకండి. నోటీసు పే వసూలు మీద జీఎస్టీ పడదని 2022 ఆగస్టు 3 నాటి సర్క్యులర్‌లో కేంద్రం స్పష్టంగా చెప్పింది.

ఇంతవరకూ "నేను మానేస్తే" అన్న గడి. రెండో గడికి వద్దాం. వాళ్లు పంపించే దారులు లెటర్‌లో సాధారణంగా మూడు ఉంటాయి. నోటీసు ఇచ్చి పంపడం ఒకటి. తప్పు చేశారని నోటీసు లేకుండా పంపడం రెండోది. చెప్పకుండా రావడం మానేశారని, మీరే వదిలేసినట్టు భావించడం మూడోది. మూడోది ఎక్కువమందికి తెలియదు. మా లెటర్‌లో 16వ క్లాజు ప్రకారం వరుసగా 8 రోజులు సమాచారం లేకుండా రాకపోతే ఉద్యోగం వదిలేసినట్టే. నోటీసు రోజుల్లో జ్వరం వచ్చి, ఫోన్‌లో మేనేజర్‌కు చెప్పి ఊరుకునే పిల్లలు ఈ క్లాజులోనే ఇరుక్కుంటారు. ఆ 8 అంకె పక్కన "మెయిల్ పెట్టాలి" అని తనతో రాయించాను.

నోటీసు లేకుండా పంపే క్లాజులో తప్పుల జాబితా ఉంటుంది. దాన్నంతా ఎత్తి రాయక్కర్లేదు. చివర్లో "కంపెనీ తప్పుగా భావించే ఇతర ఏ పని అయినా" లాంటి తోక ఉందా, విచారణ జరుపుతామన్న మాట ఉందా, ఈ రెండూ చూసి రాస్తే చాలు.

ఈ గడిలో లెటర్ చెప్పిన దానికి పక్కనే చట్టం చెప్పినది కూడా రాయాలి. లెటర్ చట్టం కంటే ఎక్కువ ఇవ్వవచ్చు, తక్కువ ఇవ్వడానికి వీల్లేదు. మన దగ్గర ఆఫీసులకు, దుకాణాలకు వర్తించే తెలంగాణ షాపులు, ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టం, 1988లో 47వ సెక్షన్ ఉంది. కనీసం ఆరు నెలలు ఎడతెగకుండా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, ఒక నెల రాతపూర్వక నోటీసు గానీ దానికి బదులు ఒక నెల వేతనం గానీ ఇవ్వకుండా తీసేయకూడదని అది చెప్తుంది. ఐదేళ్లు దాటినవారికి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం కూడా ఉంటుంది. ఆ పైన అప్పీలుకు 48వ సెక్షన్ దారి చూపిస్తుంది. మేనేజ్‌మెంట్ హోదాలో ఉన్నవారి విషయంలో మినహాయింపులు ఉన్నాయి. ఫ్యాక్టరీ కార్మికుల దారి వేరే చట్టాల్లో ఉంటుంది.

దీన్ని మా పిల్ల తేదీల మీద పెట్టి చూడండి. సెప్టెంబర్ 2తో ఆరు నెలలు నిండాయి. ఆ రోజు నుంచి కంపెనీ తనను పంపాలంటే, ప్రొబేషన్ కొనసాగుతున్నా సరే, లెటర్‌లోని 15 రోజులు సరిపోవు. కనీసం నెల ఇవ్వాలి. కానీ ఈ నెల రోజుల షరతు కట్టేది యజమానిని, ఉద్యోగిని కాదు. తను మానేయడానికి 15 రోజులు అలాగే ఉంటాయి. కాబట్టి సెప్టెంబర్ 2 వరుసలో ఎడమ గడిలో 15, కుడి గడిలో "లెటర్ 15, చట్టం 1 నెల" అని వస్తుంది. క్లాజుల వరుసలో రాసుకుంటే ఈ తేడా కనిపించే అవకాశమే లేదు.

బాండ్ గురించి. నోటీసు సంగతి తేలిపోయాక 9వ క్లాజు చూపిస్తే మా పిల్ల ముఖం వాడిపోయింది. ట్రైనింగ్ ఖర్చు 60,000, పన్నెండు నెలల లోపు మానేస్తే తిరిగి కట్టాలి, పూర్తయిన ప్రతి నెలకూ 5,000 తగ్గుతుంది. నవంబర్ 28 నాటికి తనకు ఎనిమిది నెలలు పూర్తయ్యాయి, తొమ్మిదోది డిసెంబర్ 2న నిండుతుంది. ఇంకా 20,000 మిగిలి ఉంది. ఇలాంటి బాండ్ దానంతట అది చెల్లనిది కాదు. 2025 మేలో విజయా బ్యాంక్ కేసులో మూడేళ్ల కనీస సర్వీసు, రెండు లక్షల బాండ్ షరతును సుప్రీంకోర్టు సమర్థించింది. అదే సమయంలో కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం బాండ్‌లో రాసిన మొత్తం గరిష్ఠ హద్దు మాత్రమే. దాని లోపల సమంజసమైన పరిహారమే వస్తుంది. తనకు మూడు వారాల ట్రైనింగ్ నిజంగానే ఇచ్చారు. "కట్టేస్త చిన్నమ్మా, నేర్పిన్రు కదా" అంది. అది తన నిర్ణయం. పేజీ చేయగలిగింది ఆ అంకెను ముందే కళ్లముందు పెట్టడం.

బాండ్ పక్కనే ఇంకో ప్రశ్న తప్పకుండా రాయించండి: వాళ్ల దగ్గర నావి ఏమున్నాయి? వరంగల్, కరీంనగర్ వైపు ప్రైవేటు స్కూళ్లలో, కాలేజీల్లో చేరే టీచర్ల దగ్గర ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి పెట్టుకోవడం మామూలైపోయింది. నా దగ్గరికి వచ్చిన ఒక లెక్చరర్ లెటర్‌లో నోటీసు నెల అని ఉంది. కింద ఒక వాక్యంలో మాత్రం విద్యా సంవత్సరం మధ్యలో రాజీనామా ఒప్పుకోబోమని ఉంది. అంటే కాగితం మీద నెల, నిజానికి ఏప్రిల్ దాకా. సర్టిఫికెట్లు బీరువాలో ఉన్నంతకాలం ఆమె ఏ క్లాజు చూపించినా వినే నాథుడు లేడు. అందుకే ఇలాంటి ఉద్యోగాల్లో చేరేటప్పుడే, ఏ సర్టిఫికెట్లు ఇచ్చారో సంతకంతో రసీదు తీసుకుని, ఆ రసీదు తేదీని మొదటి వరుసలోనే రాసుకోవాలి.

మా పిల్ల పేజీ చివరికి ఇలా తయారైంది. ఆమె చేతిరాతలో ఇంకా గజిబిజిగా ఉంది, సారం మాత్రం ఇదే.

ఏది చెల్లుతుంది: అపాయింట్‌మెంట్ లెటర్, ఆఫర్ లెటర్ మీద, హ్యాండ్‌బుక్ మీద కూడా. క్లాజు 18, పేజీ 11.

2025 మార్చి 3, చేరిక. నేను మానేస్తే 15 రోజులు. వాళ్లు తీసేస్తే 15 రోజులు. క్లాజు 4, పేజీ 3.

సెప్టెంబర్ 2, ఆరు నెలలు. కన్ఫర్మేషన్ లెటర్ లేదు. నేను మానేస్తే 15 రోజులు. వాళ్లు తీసేస్తే లెటర్ 15 రోజులు, చట్టం 1 నెల, సెక్షన్ 47.

డిసెంబర్ 2, పొడిగింపుకు చివరి తేదీ. ఆ తర్వాత 90 రోజుల వాదన రావచ్చు. క్లాజు 11, పేజీ 7.

నోటీసు లెక్క: ఆమోదం మర్నాటి నుంచి, క్యాలెండర్ రోజులు, సెలవు పెడితే ముందుకు జరుగుతుంది. అనుబంధం 2. నవంబర్ 25 లేదా 28.

తగ్గిన రోజుకు: నేను కడితే 1,000, వాళ్లు కడితే 500. క్లాజు 11లో మూడో ముక్క.

8 రోజులు చెప్పకుండా రాకపోతే వదిలేసినట్టు. మెయిల్ పెట్టాలి. క్లాజు 16.

బాండ్: 28న వెళ్తే 20,000. 2026 మార్చి 2 తర్వాత సున్నా. క్లాజు 9.

చివరి లెక్క: లెటర్ 45 రోజులు, చట్టం 2 పనిదినాలు.

నా వస్తువులు: ల్యాప్‌టాప్ వాళ్లది, సర్టిఫికెట్లు నా దగ్గరే.

రాసి లేనివి: ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఎన్ని రోజుల్లో ఇస్తారో లెటర్‌లో లేదు.

ఆఖరి లైను గురించి ఒక మాట. వెతికినా దొరకనివాటిని ఖాళీగా వదలకూడదు, "రాసి లేదు" అని రాయాలి. ఖాళీ గడి చూస్తే వెతకలేదో, లేదో నెల తర్వాత మీకే గుర్తుండదు. చేరకముందే ఈ పేజీ తయారు చేసుకునేవాళ్లకైతే హెచ్‌ఆర్‌ను అడగాల్సిన ప్రశ్నలు ఆ లైనులోనే దొరుకుతాయి.

చివరి లెక్క అన్న వరుసలో 45, 2 ఎందుకు పక్కపక్కన ఉన్నాయంటే, 2025 నవంబర్ 21 నుంచి వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. రాజీనామా చేసినవారికి కూడా రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలని దాని 17వ సెక్షన్ చెప్తుంది. అంతకు ముందు రాసిన చాలా లెటర్లలో ఇంకా 30, 45 రోజులే కనిపిస్తాయి. మేము పేజీ మొదట రాసుకున్నది 14న, అప్పటికి కోడ్ రాలేదు, ఆ లైను తర్వాత చేర్చుకున్నాం. పేజీకి కింద తేదీ వేయమనేది ఇందుకే.

ఆ శుక్రవారం మధ్యాహ్నమే తను హెచ్‌ఆర్‌కు మెయిల్ పంపింది. వాదన లేదు, కోపం లేదు. "క్లాజు 4 ప్రకారం రాతపూర్వక కన్ఫర్మేషన్ లేనందున నేను ప్రొబేషన్‌లో ఉన్నాను. అదే క్లాజు ప్రకారం నోటీసు 15 రోజులు. క్లాజు 18 ప్రకారం హ్యాండ్‌బుక్ కంటే ఈ లెటర్ చెల్లుతుంది. ఆమోదం 13న వచ్చింది కాబట్టి చివరి రోజు నవంబర్ 28. కన్ఫర్మేషన్ లెటర్ ఇచ్చి ఉంటే దయచేసి కాపీ పంపండి." ఇంతే. మంగళవారం జవాబు వచ్చింది. 28న రిలీవ్ చేస్తాం, బాండ్ మొత్తం చెల్లించండి అని. 20,000 బ్యాంకు ద్వారా కట్టి రసీదు తీసుకుంది. జీతం మాత్రం రెండు పనిదినాల్లో రాలేదు. సెక్షన్ నంబరుతో ఒక రిమైండర్ పంపాక డిసెంబర్ 12న పడింది.

కొత్త ఉద్యోగం అపాయింట్‌మెంట్ లెటర్ డిసెంబర్ 15 సాయంత్రమే వాట్సాప్‌లో పంపింది. కింద ఒక లైను: "ప్రొబేషన్ క్లాజు రెండో రకం చిన్నమ్మా, గడువు లేదు. అడగాల్నా?" అడగమన్నాను.